అన్నమయ్య వర్ధంతికి 46 సెకన్ల నివాళి వీడియో: పాట ఎంపిక నుంచి దీపం కొండెక్కేదాకా

ఫాల్గుణం వచ్చేసరికి ఒకే ప్రశ్న నాకు పదిమంది నుంచి వస్తుంది: "అన్నమయ్య వర్ధంతికి చిన్న నివాళి వీడియో చేయాలి, బొమ్మలు గీయడం పెద్దగా రాదు, ఎలా?" ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పడం కన్నా ఒక వీడియోను మొదటి నుంచి చివరి దాకా చేసి చూపించడం నయం. అందుకే ఒకే సంకీర్తన తీసుకున్నాను. కదిలే వస్తువులు రెండే: ఒక తెర, ఒక దీపం. పాట మీరు మార్చుకోవచ్చు, పద్ధతి మారదు.

కావలసినవి

- సంకీర్తన పాఠం ఉన్న అచ్చు పుస్తకం, లేదా దాని పేజీల స్కాన్. తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన సంకీర్తన సంపుటాలు దొరికితే అవే వాడండి.
- ఆ ఏటి పంచాంగం.
- తెలుగు అక్షరాలను సరిగ్గా చూపే బొమ్మల సాఫ్ట్‌వేర్. నేను ఇంక్‌స్కేప్ వాడతాను, ఉచితం. స్లైడ్లు తయారుచేసే ప్రోగ్రాం ఉన్నా పని జరుగుతుంది.
- పొరలు పేర్చుకోగలిగి, కీఫ్రేములు, అంటే ఏ సెకనులో బొమ్మ ఎక్కడ ఉండాలో చెప్పే గుర్తులు, పెట్టుకోగలిగే వీడియో ఎడిటర్. ఫోనులోనిదైనా చాలు.
- యూనికోడ్ తెలుగు ఫాంట్ ఒకటి. మండలి, సూరన్న, ఎన్టీఆర్, రామభద్ర వంటివి ఉచితంగా దొరుకుతాయి.
- ఫోను, ఒక దుప్పటి. దుప్పటి ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను.

1. ముందు తేదీ తేల్చుకోండి

ఏటా జరిగే మొదటి పొరపాటు ఇదే. అన్నమయ్య పరమపదించిన రోజు రాగిరేకుల మీదే ఉంది: శాలివాహన శకం 1424, దుందుభి నామ సంవత్సరం, ఫాల్గుణ బహుళ ద్వాదశి. శక సంవత్సరానికి 78 కలిపితే 1502 వస్తుంది కాబట్టి కొందరు అదే వేసేస్తారు. కానీ ఫాల్గుణం సంవత్సరంలో చివరి నెల. అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. సరైన లెక్క 1503, ఫిబ్రవరి 23.

అలాగని ఏటా ఫిబ్రవరి 23న వీడియో పెట్టకండి. అది పాత జూలియన్ క్యాలెండర్ తేదీ, పైగా వర్ధంతి జరిపేది తిథిని బట్టి. పంచాంగంలో ఫాల్గుణ బహుళ ద్వాదశి ఏ రోజున ఉందో చూడండి. సరిచూసుకోవడానికి ఒక సులువు ఉంది: ద్వాదశి తరవాత త్రయోదశి, చతుర్దశి, అమావాస్య, ఆ మర్నాడు ఉగాది. అంటే మీ తేదీ ఉగాదికి నాలుగు రోజుల ముందు, అటూ ఇటూ ఒక రోజు తేడాతో ఉండాలి. ఉగాదికి నెల ముందు తేదీ వస్తే ఎక్కడో పొరబడ్డారన్నమాట.

ఎన్నో వర్ధంతి అన్నది ఆ ఏటి నుంచి 1503 తీసేస్తే వస్తుంది. 2026లో 523వది.

ఇంకొక్క మాట. "వర్ధంతి శుభాకాంక్షలు" అని రాసిన వీడియోలు ఏటా కనీసం రెండు మూడు నా కంటపడతాయి. జయంతికి వాడిన పాత ఫైలు తెరిచి పేరు మార్చేటప్పుడు ఆ మాట అలాగే ఉండిపోతుంది. "523వ వర్ధంతి, నివాళి" అంటే చాలు.

2. పంక్తులు ఎంచుకోండి, ప్రాసతో సరిచూడండి

అన్నమయ్య పాటలు వేలల్లో ఉన్నాయి, అందరూ ఒకే పది పాటల చుట్టూ తిరుగుతారు. ఈ రోజుకు నేను ఎంచుకున్నది కూడా అందరికీ తెలిసినదే, ఎందుకంటే ఇది చావుపుట్టుకల గురించి తిన్నగా మాట్లాడుతుంది:

నానాటి బదుకు నాటకము
కానక కన్నది కైవల్యము

పుట్టుటయు నిజము పోవుటయు నిజము
నట్టనడిమి పని నాటకము
యెట్టనెదుట గలదీ ప్రపంచము
కట్టగడపటిది కైవల్యము

మూడో చరణం చివరి రెండు పంక్తులు కూడా తీసుకుందాం:

యెగువనె శ్రీ వేంకటేశ్వరుడేలిక
గగనము మీదిది కైవల్యము

మొత్తం ఎనిమిది పంక్తులు. ఇంతకు మించితే నిమిషం లోపల ఇమడదు. ఇమిడించాలని చూస్తే చదివేవారికి ఊపిరాడదు. రెండో చరణం మొత్తం వదిలేశాం, మూడో చరణంలో సగం తీసుకున్నాం. ఇందులో తప్పు లేదు, కానీ ఒక నియమం పాటించండి: పంక్తులను జంటలుగానే తీసుకోవాలి. "నట్టనడిమి పని నాటకము" ఒక్కటే తీసి చూపిస్తే మాట సగంలో తెగిపోతుంది. చివరి చరణం నుంచి ఒక జంట ఉండాలనడానికి కారణం వేంకటేశ్వర ముద్ర అందులో ఉండటం. అది అన్నమయ్య సంతకం లాంటిది.

పాఠం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ప్రాసను మించిన పరికరం లేదు. ప్రతి పంక్తిలో రెండో అక్షరం చూడండి. మొదటి చరణంలో పుట్టుట, నట్టనడిమి, యెట్టనెదుట, కట్టగడపటిది: నాలుగింటా "ట్ట" ఉంది. పల్లవిలో నానాటి, కానక: "న". చివరి జంటలో యెగువ, గగనము: "గ". ఎక్కడైనా ఇది తప్పితే రెండే కారణాలు: మీకు దొరికిన పాఠంలో మాట మారిపోయి ఉండాలి, లేదా పంక్తిని తప్పు చోట విరిచి ఉండాలి. వీడియో చట్రం సన్నగా ఉంది కదా అని "పుట్టుటయు నిజము" ఒక వరసలో, "పోవుటయు నిజము నట్టనడిమి" ఇంకో వరసలో పెట్టినవి చూశాను. వరస పట్టకపోతే అక్షరం చిన్నది చేయండి, లేదా పంక్తి మధ్యలో ఊపిరి ఆగే చోట విరవండి: "పుట్టుటయు నిజము / పోవుటయు నిజము". తరవాతి పంక్తి మాటను మాత్రం పైకి లాగకండి.

నకలు చేసుకున్న పాఠంలో తరచూ కనిపించే మచ్చలు మూడు:

- అరసున్న ఉండాల్సిన చోట "(" గుర్తు. పాత టైపింగ్ పద్ధతుల నుంచి వచ్చిన అవశేషం ఇది. దాన్ని తీసేసి అరసున్న "ఁ" పెట్టండి, లేదా అన్ని చోట్లా అరసున్న వదిలేయండి. నేను ఇక్కడ వదిలేశాను. కొన్ని చోట్ల ఉంచి కొన్ని చోట్ల తీయడం మాత్రం వద్దు.
- ఫోను కీబోర్డు చేసే "సవరణ". యెట్టనెదుట అన్నది ఎట్టనెదుట అవుతుంది, యెగువ కాస్తా ఎగువ అవుతుంది. అది ఆనాటి రాత, దిద్దకండి.
- డీటీపీ వాళ్ల దగ్గర నుంచి తెచ్చిన ఫైలయితే యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లలో ఉండవచ్చు. మీ కంప్యూటర్‌లో అది పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. బాగుచేస్తూ కూర్చోకుండా యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయడమే త్వరగా అయ్యే పని. ఎనిమిది పంక్తులే కదా.

3. కాలం పంచుకోండి

బొమ్మల జోలికి వెళ్లకముందే ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని పంక్తులను బయటికి, నిదానంగా చదవండి. ఒక జంటకు నాకు ఆరు నుంచి ఏడు సెకన్లు పట్టింది. చదివిన తరవాత మాట చెవిలో నిలవడానికి ఒక సెకను కలిపితే జంటకు 8 సెకన్లు. దాన్నిబట్టి:

- 0–5: చీకటి, దీపం వెలుగుతుంది. పేరు, వర్ధంతి, తిథి.
- 5–13: పల్లవి. తెర విచ్చుకుంటుంది.
- 13–21: పుట్టుటయు నిజము... నాటకము.
- 21–29: యెట్టనెదుట... కైవల్యము. తెర పూర్తిగా తొలగిపోతుంది.
- 29–38: చివరి జంట. జ్వాల కొండెక్కుతుంది.
- 38–43: ఏ మాటా లేదు.
- 43–46: పాఠం ఏ సంపుటం నుంచి తీసుకున్నారో ఒక వరస, చదివినవారి పేరు.

38 నుంచి 43 దాకా ఖాళీగా ఉందేమిటని అక్కడ ఇంకేదో దూర్చాలనిపిస్తుంది. దూర్చకండి.

4. అక్షరాలను బొమ్మలుగా మార్చుకోండి

తెలుగు వీడియోలు ఎక్కువగా చెడేది ఇక్కడే, కొంచెం నిదానంగా చూద్దాం.

ఎడిటర్లలో అక్షరం తరవాత అక్షరం టైపు అవుతున్నట్టు చూపే ఎఫెక్టు ఉంటుంది. ఇంగ్లీషుకు బాగుంటుంది. తెలుగులో మనం ఒక అక్షరం అనుకునేది కంప్యూటరుకు రెండు మూడు ముక్కలు. "కైవల్యము" మన లెక్కలో నాలుగు అక్షరాలు, దాని లెక్కలో ఎనిమిది. ఆ ఎఫెక్టు పెడితే స్క్రీన్ మీద వరసగా ఇవి కనిపిస్తాయి: క, కై, కైవ, కైవల, కైవల్, కైవల్య, కైవల్యమ, కైవల్యము. మధ్యలో ఆ "కైవల్" ఒక క్షణం నిలబడి, ఒత్తు వచ్చి తగలగానే ఉలిక్కిపడి రూపు మార్చుకుంటుంది. చూసేవారికి ఏం జరిగిందో తెలియదు గానీ అక్షరాలు వణికినట్టు అనిపిస్తుంది. కొన్ని ఎడిటర్లు ఇంకా ఘోరం, ఒత్తును అసలు కలపవు. వేంకటేశ్వరుడిలో "శ్" ఒక చోట, "వ" ఇంకో చోట నిలబడతాయి.

అందుకని వీడియో ఎడిటర్‌లో తెలుగు టైపు చేయడమే మానేయండి. ఇలా చేయండి:

ఇంక్‌స్కేప్‌లో 1080 × 1920 కొలతతో కొత్త పేజీ తెరవండి. ఒక జంటను టైపు చేసి, వెనక రంగు లేకుండా PNG గా ఎగుమతి చేయండి. ఇలా నాలుగు జంటలకు నాలుగు, పేరుకు ఒకటి, చివరి వరసకు ఒకటి, మొత్తం ఆరు బొమ్మలు. అక్షరం ఎత్తు 80 పిక్సెళ్లకు తగ్గకుండా చూడండి. వరసల మధ్య ఎడం మామూలుకన్నా ఎక్కువ ఉండాలి, అక్షరం కొలతకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టండి. లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడిదీర్ఘాలకు తగులుతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచే సౌకర్యం జోలికి మాత్రం వెళ్లకండి, కొన్నిచోట్ల గుణింతాలు కూడా విడిపోతాయి.

ఫోనే ఆధారమైతే తెలుగు సరిగ్గా చూపే స్లైడ్ల యాప్‌లో నల్లటి పేజీ మీద తెల్లగా టైపు చేసి బొమ్మగా భద్రపరచండి. తరవాత ఎడిటర్‌లో ఆ పొరకు "స్క్రీన్" అనే మిశ్రమ పద్ధతి ఎంచుకుంటే నలుపు మాయమై అక్షరాలు మిగులుతాయి.

అక్షరాలను ఎక్కడ పెట్టాలంటే, చట్రంలో నడిమికి కాస్త పైన. కింది అయిదో వంతులోనూ కుడి అంచునా ఏమీ ఉండకూడదు. ఫోనులో వీడియో చూసేటప్పుడు అక్కడ బటన్లు, పేర్లు వచ్చి కూర్చుంటాయి.

ఎగుమతి అయ్యాక ప్రతి బొమ్మనూ పెద్దది చేసి, పుస్తకం పక్కన పెట్టుకుని, చివరి మాట నుంచి మొదటి మాటకు వెనక్కి చదవండి. ముందు నుంచి చదివితే పాట తెలిసిన మెదడు తప్పును దాటేస్తుంది.

5. తెర, దీపం

గీయాల్సినవి ఇవి: ముదురు నీలం ఆకాశం, దాని మీద ఏడు వంపులున్న నల్లటి కొండల గీత, ఒక ప్రమిద, మూడు జ్వాలలు, రెండు తెరలు. ప్రమిద అర్ధచంద్రం లాంటి ఒక్క ఆకారం. తెర అంటే ముదురు ఎరుపు నిలువు దీర్ఘచతురస్రం, దాని మీద ఇంకాస్త ముదురు రంగులో నాలుగైదు నిలువు చారలు మడతల కోసం. ప్రతిదీ విడి బొమ్మగా దాచుకోండి.

అన్నమయ్య బొమ్మ లేదేమని అడుగుతారు. మనం గోడల మీదా క్యాలెండర్ల మీదా చూసే రంగుల బొమ్మలన్నీ తరవాతి చిత్రకారుల ఊహలే, వాటి మీద హక్కులు వాళ్లవి. సినిమాలో ఆ వేషం వేసిన నటుడి ఫొటో పెట్టడం అయితే మరీ అన్యాయం, అప్పుడు నివాళి ఎవరికో తెలియకుండా పోతుంది. మనిషి కావాలనిపిస్తే తంబుర పట్టుకుని కూర్చున్న నీడను ఒకే నల్లటి ఆకారంగా, ముఖం లేకుండా గీయండి.

జ్వాల: ఒకదానికొకటి కొంచెం తేడాగా మూడు బొమ్మలు: నిటారుగా ఒకటి, కుడికి వాలినది ఒకటి, కాస్త పొట్టిది ఒకటి. సెకనుకు 24 ఫ్రేముల వీడియోలో ఒక్కొక్కటి మూడు నుంచి అయిదు ఫ్రేములు ఉంచండి. వరస 1-2-3, 1-2-3 అని ఉంటే పెళ్లి పందిరి బల్బులా మిణుకుమంటుంది. 1-2-1-3-1-1-2-3 లాగా క్రమం తప్పించండి. సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? అక్షరాల పొర దాచేసి పది సెకన్లు చూడండి. మీ కన్ను తాళం పట్టడం మొదలుపెడితే ఇంకా క్రమం మిగిలి ఉన్నట్టే.

తెర: 5వ సెకను దగ్గర రెండు తెరలూ మధ్యలో కలిసి ఉండే చోట ఒక కీఫ్రేము, 8వ సెకను దగ్గర సగం పక్కకు జరిగిన చోట ఇంకోటి. 13 నుంచి 21 దాకా అలాగే ఉంటాయి, నాటకం నడుస్తోంది. 26 దగ్గర కదలడం మొదలై, "కట్టగడపటిది కైవల్యము" అనేసరికి చట్రం దాటి పోతాయి. ఇక మిగిలింది ఆకాశం, కొండ, దీపం. కీఫ్రేములకు నెమ్మదిగా మొదలై నెమ్మదిగా ఆగే పద్ధతి ఎంచుకోండి, లేకపోతే తెర షట్టరు లాగినట్టు కదులుతుంది.

దీపం కొండెక్కడం: మొదటిసారి చేసినప్పుడు చివర దీపం ఆరిపోయి సన్నటి పొగ లేచినట్టు చూపించాను. చాలా బాగా వచ్చిందనుకున్నాను. మా అమ్మ చూసి, "దీపాన్ని ఆర్పేశావేమిటిరా, కొండెక్కించాలి గానీ" అంది. దీపం ఆరింది అనకూడదు, కొండెక్కింది అనాలని చిన్నప్పటి నుంచీ విన్న మాటే. ఆ రోజు దాకా దాన్ని బొమ్మగా ఊహించలేదు. పాటలో చూస్తే "యెగువనె శ్రీ వేంకటేశ్వరుడేలిక" అని ఉండనే ఉంది. పొగ తీసేశాను.

ఇప్పుడు ఇలా చేస్తాను. 29వ సెకనులో జ్వాల మాత్రమే ప్రమిద వదిలి లేస్తుంది, ప్రమిద అక్కడే ఉంటుంది. కొండ గీత వెంబడి వంపు తిరుగుతూ 38వ సెకనుకు శిఖరం చేరుతుంది. ఈ తొమ్మిది సెకన్లలో పరిమాణం నూటికి ముప్పై వంతులకు తగ్గుతుంది. కీఫ్రేములు నాలుగు చాలు: ప్రమిద, మొదటి వంపు, చివరి వంపు, శిఖరం. రెండే పెడితే తిన్నగా దూసుకుపోయి తారాజువ్వలా కనిపిస్తుంది. శిఖరం చేరాక మూడు బొమ్మల రెపరెప ఆపేసి ఒకటే ఉంచండి. దూరపు దీపం నిలకడగా కనబడుతుంది.

అక్షరాల రాక: ప్రతి జంట అర సెకనులో నెమ్మదిగా తేలి రావాలి, అర సెకనులో కరగాలి. వరస వరసగా రావాలనుకుంటే ఎడమ నుంచి కుడికి మెత్తటి అంచుతో తెరుచుకునే మాస్కు పెట్టండి. బొమ్మ మీద మాస్కు కాబట్టి ఒత్తులు విరగవు.

6. గొంతు

అన్నమయ్య మాటల మీద ఎవరికీ హక్కు లేదు. కానీ పాట వేరు. రాగిరేకుల మీద రాగం పేరే ఉంటుంది, స్వరాలు ఉండవు. మనం వినే బాణీలు చాలా వరకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. మన చట్టం ప్రకారం స్వరకర్త పోయిన తరవాత 60 ఏళ్ల దాకా బాణీ మీద, విడుదలైన నాటి నుంచి 60 ఏళ్ల దాకా రికార్డింగు మీద హక్కు ఉంటుంది. దొరికిన పాట పెట్టేస్తే వర్ధంతి నాడే మీ వీడియో మూగబోవచ్చు. అందువల్ల పాడకండి, చదవండి. వెనక శ్రుతి కావాలంటే సొంత తంబుర గానీ శ్రుతిపెట్టె గానీ రికార్డు చేసుకోండి.

రికార్డు చేసేటప్పుడు తల మీదుగా దుప్పటి కప్పుకుని, ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పట్టుకోండి. గది ప్రతిధ్వని దుప్పటి పీల్చేస్తుంది. ఉక్కపోస్తుంది, నిజమే, అరనిమిషం పనే. శ్రుతిని గొంతు కన్నా బాగా తగ్గించి కలపండి. ఫోను స్పీకరులో విన్నప్పుడు "నట్టనడిమి"లో రెండు "న"లూ స్పష్టంగా వినబడితే స్థాయి సరిపోయినట్టే.

7. బయటికి పంపే ముందు

MP4 గా, 1080 × 1920, సెకనుకు 24 ఫ్రేములతో ఎగుమతి చేయండి. ఆ ఫైలును కంప్యూటర్‌లో కాకుండా ఫోనులో మూడుసార్లు చూడండి. మొదటిసారి శబ్దం లేకుండా, ప్రతి జంటనూ మనసులో రెండుసార్లు చదివే సమయం దొరుకుతోందా అని. రెండోసారి కళ్లు మూసుకుని, మాట ఎక్కడైనా తెగిందా అని. మూడోసారి ఫోను వెలుతురు తగ్గించి ఆరుబయట, నీలం మీద నల్లటి కొండ కనబడుతోందా అని. ఎండలో ఆ గీత మాయమైతే ఆకాశం రంగును ఒక మెట్టు లేతగా మార్చండి.

చివరగా పాట తెలియని ఒకరికి చూపించి, "దీపం ఎక్కడికి వెళ్లింది?" అని అడగండి. "పైకి" అంటే జ్వాల దారికి ఇంకో వంపు కావాలి. "కొండ మీదికి" అంటే ఫైలు పంపేయండి.